మూసిన టాస్క్‌ని మళ్లీ తెరవాలా, కొత్తది తెరిచి పాతదానికి లింక్ చేయాలా?

"ఏటి బాబూ, ఫిబ్రవరిలో బాగు సేసేశామన్నారు గదా, మళ్లీ అదే వచ్చిందేటి?"

మే నెలలో ఒక సోమవారం పొద్దున పర్లాకిమిడి నుంచి వచ్చిన ఫోన్ ఇది. ఆయన చీరల హోల్‌సేల్ వ్యాపారి. మేం బరంపురంలో కూర్చుని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల బట్టల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఫోన్ పెట్టేసిన రెండు నిమిషాల్లో మా కుర్రాడు ట్రాకర్‌లో `BILL-212` వెతికి, మూసి ఉన్న టాస్క్‌ని రీఓపెన్ చేసేశాడు. ఆయన "మళ్లీ అదే" అన్నాడు కాబట్టి అదే టాస్క్ అనుకున్నాడు. ఆ ఒక్క నొక్కుడుకి నాలుగు రోజులు పోయాయి. ఎలా పోయాయో చెబితే, ఎప్పుడు రీఓపెన్ చేయాలో, ఎప్పుడు కొత్తది తెరవాలో చాలావరకు అందులోనే తెలుస్తుంది.

ముందు సమస్య ఏమిటో చెప్పాలి. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడి దుకాణం ఒడిశాలోనే ఉన్న ఇంకో వ్యాపారికి సరుకు అమ్మితే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ రెండు భాగాలుగా పడాలి. పాతపట్నం వ్యాపారికి పంపితే మొత్తం ఐజీఎస్టీగా పడాలి. ఈయన బిల్లుల్లో పాతపట్నం వాళ్లకీ రెండు భాగాలుగానే పడుతోంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: ఒడిశాకి 21, ఆంధ్రకి 37. పదివేల రూపాయల బట్టకి 5 శాతం లెక్కన ఐజీఎస్టీ 500 అయినా, 250 చొప్పున రెండు ముక్కలైనా బిల్లు అడుగున మొత్తం 10,500 రూపాయలే. అందుకే కౌంటర్ దగ్గర ఎవరి కంటికీ ఈ తప్పు ఆనదు. కొన్నవాళ్ల అకౌంటెంట్ నెలాఖరున చూసుకుని, ఈ పన్ను మాకు క్రెడిట్‌గా రావట్లేదని అడిగితే అప్పుడు బయటపడుతుంది. అప్పటికి రిటర్న్ వేసేసి ఉంటే అమ్మినాయన సరైన పద్దులో పన్ను మళ్లీ కట్టి, తప్పు పద్దులో కట్టినదానికి రీఫండ్ అడుక్కోవాలి. వ్యాపారికి ఇది చిన్న తలనొప్పి కాదు.

ఫిబ్రవరిలో `BILL-212` ఇదే ఫిర్యాదుతో వచ్చింది. అప్పటి కారణం ఇది: కొత్త పార్టీని చేర్చేటప్పుడు రాష్ట్రం గడి ఖాళీగా వదిలేస్తే మా ప్రోగ్రాం దుకాణం ఉన్న రాష్ట్రాన్నే పార్టీ రాష్ట్రంగా తీసుకునేది. జీఎస్టీ నంబరు ఉంటే దాని మొదటి రెండంకెల్ని బట్టే రాష్ట్రం తేల్చేలా మార్చాం. 3.2 రిలీజ్‌లో వెళ్లింది. మూడు నెలలు ఏ గొడవా లేదు.

సోమవారం రీఓపెన్ చేశాం. మంగళవారం టెస్టింగ్ చూసే అమ్మాయి ఆ టాస్క్ తెరిచి, అందులో రాసి ఉన్న మెట్లనే పట్టుకుని వెళ్లింది: కొత్త పార్టీ, రాష్ట్రం ఖాళీ, 37తో మొదలయ్యే నంబరు, బిల్లు. ఐజీఎస్టీ చక్కగా పడింది. రెండుసార్లు చేసి చూసి, తప్పు రావట్లేదని రాసి మూసేసింది. ఆమె చేసిన పనిలో లోపం లేదు. టాస్క్‌లో ఏం రాసి ఉందో అదే చేసింది. గురువారం వ్యాపారి బిల్లు ఫొటో తీసి పంపాడు. అప్పుడు కూర్చుని ఆయన బిల్లు ఎలా వేస్తాడో ఫోన్‌లోనే మెట్టు మెట్టుగా చెప్పించుకున్నాం. రద్దీ వేళ కొత్త బిల్లు తెరవడు. నిన్నటి బిల్లు కాపీ చేసి, పార్టీ పేరు మార్చి, సరుకు దిద్దుతాడు. నిన్నటి పార్టీ గుణుపురం ఆసామి, ఇవాళ్టి పార్టీ పాతపట్నం ఆయన. పేరు మారింది గానీ పన్ను రకం మారలేదు.

కారణం 3.5 రిలీజ్‌లో ఉంది. బిల్లు తెర త్వరగా తెరుచుకోవాలని `BILL-297` అనే టాస్క్ కింద పన్ను రకాన్ని బిల్లు తెరిచినప్పుడే ఒకసారి లెక్కగట్టి దాచుకునేలా మార్చాం. పార్టీ మారితే మళ్లీ లెక్కగట్టాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఫిబ్రవరిలో చేసిన మార్పు చెక్కు చెదరకుండా కోడ్‌లో అలాగే ఉంది. బయటికి కనబడేది ఒకటే, లోపలి రోగం వేరు. నెల రిటర్న్ వేయకముందే తెలిసింది కాబట్టి వ్యాపారి పదకొండు బిల్లులకు క్రెడిట్ నోట్లు రాసి బయటపడ్డాడు.

జ్వరం విషయంలో మనం రెండు మాటలు విడివిడిగా వాడతాం: జ్వరం తగ్గలేదు అంటాం, తగ్గి తిరగబెట్టింది అంటాం. ట్రాకర్‌లో రీఓపెన్ అనేది మొదటి మాట. "మేం ఇచ్చిన మందు పనిచేయలేదు, అదే వైద్యం ఇంకా నడుస్తోంది" అని దానర్థం. కొత్త టాస్క్ తెరిచి పాతదానికి లింక్ చేయడం రెండో మాట. ఇది ఒప్పుకుంటే మిగతా నియమాలన్నీ దాని వెంటే వస్తాయి.

మేం పెట్టుకున్న గీత

ఒక్క ప్రశ్న అడుగుతాం: ఈ ఫిక్స్ వాడుకదారు చేతికి వెళ్లి, అక్కడ ఒక్కసారైనా పనిచేసిందా? పనిచేసి ఉంటే పాత టాస్క్ జోలికి పోం, కొత్తది తెరుస్తాం. పనిచేయలేదంటే, లేదా చేతికి వెళ్లనే లేదంటే రీఓపెన్ చేస్తాం.

రీఓపెన్ చేయాల్సిన సందర్భాలు నిజానికి తక్కువ. ఫిక్స్ టెస్ట్ బిల్డ్‌లో ఉండగానే టెస్టర్‌కి తప్పు మళ్లీ కనబడితే రీఓపెన్. రిలీజ్ చేసే ముందు ఆ మార్పు వెనక్కి తీసేస్తే రీఓపెన్, ఎందుకంటే ఫిక్స్ ఇప్పుడు ఎక్కడా లేదు. "తప్పు రావట్లేదు" అనో, "ఇది వేరేదానికి నకలు" అనో మూసిన టాస్క్‌కి ఇప్పుడు గట్టి ఆధారం దొరికితే అదీ రీఓపెనే. అక్కడ ఫిక్స్ అంటూ ఏదీ జరగలేదు, కాబట్టి తిరగబెట్టడానికీ ఏమీ లేదు. ఇలాంటిచోట్ల కొత్తది తెరిస్తే నష్టం. ఒకసారి థర్మల్ ప్రింటర్ మీద బిల్లు అడుగు వరుస తెగిపోయే సమస్యకి, టెస్ట్‌లో తప్పినప్పుడల్లా కొత్త టాస్క్ తెరిచాం. వారంలో మూడు టాస్కులయ్యాయి. రిలీజ్ నోట్‌లో ఒకే సమస్య మూడు ఫిక్సులుగా అచ్చయింది. ప్రింటర్ మోడల్ వివరం ఒకదాంట్లో, ఫొటో ఇంకోదాంట్లో ఉండిపోయి, పని చేసేవాడు మూడూ తిప్పి చూడాల్సి వచ్చింది.

రిలీజ్ అయిన తర్వాత రీఓపెన్ చేస్తే పాడయ్యేది ముఖ్యంగా చరిత్ర. `BILL-212` మీద ఫిక్స్ వెర్షన్ 3.2 అని ఉంది. అది నిజం. రీఓపెన్ చేసి, సరిచేసి, దాన్ని 3.5.1 అని మారిస్తే ఆ నిజం పోతుంది. ఇంకా 3.2 వాడుతున్న దుకాణంవాళ్లు "మా దగ్గర ఇది బాగైందా?" అని అడిగితే ట్రాకర్ తప్పు సమాధానం చెబుతుంది. మార్చకుండా వదిలేస్తే, 3.5.1లో ఏం చేశామో ఎక్కడా ఉండదు. జిరాలో ఫిక్స్ వెర్షన్ గడిలో ఒకటికంటే ఎక్కువ వెర్షన్లు పెట్టొచ్చు, రెండూ రాస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. ఒకే మార్పు రెండు బ్రాంచీల్లో వెళ్లినప్పుడు రెండు వెర్షన్లు రాయడం సరైన పద్ధతే. రెండు వేర్వేరు మార్పులకు అలా రాస్తే మాత్రం, మధ్యలో 3.5.0లో అది విరిగి ఉందన్న సంగతి మాయమవుతుంది.

రోజుల లెక్క మీద గీత గీసే టీములూ ఉన్నాయి, మూసి నెలలోపు అయితే రీఓపెన్, దాటితే కొత్తది అని. మాలాగా నెలకో రిలీజ్ ఇచ్చేవాళ్లకి అది కుదరదు. మూసిన ఐదోరోజే రిలీజ్ అయిపోయి ఉండొచ్చు, నలభై రోజులైనా కాకపోయి ఉండొచ్చు. రోజుకి రెండుమూడుసార్లు సైటు మీదికి మార్పులు పంపేవాళ్లకి మాత్రం రిలీజ్ అన్న గీత కనబడదు కాబట్టి, రెండు మూడు రోజుల గడువు పెట్టుకోవడం సబబే.

పాత ఫిక్స్ బతికే ఉందా?

ఫోన్ రాగానే ఇదొక్కటి చూసి ఉంటే మా నాలుగు రోజులు మిగిలేవి. పాత టాస్క్‌లో ఫిక్స్ కమిట్ సంఖ్య రాసి ఉంటుంది. అది ఏ ఏ రిలీజుల్లో ఉందో గిట్‌నే అడగొచ్చు:

```
git tag --contains 9f3c2e1
```

జవాబులో `v3.2.0` నుంచి `v3.5.0` దాకా అన్నీ వస్తే ఫిక్స్ అందులో చేరిందని అర్థం. ఆ తర్వాత ఎవరైనా ఆ వరుసల్ని తిరగరాశారేమో ఇది చెప్పదు. అందుకని పాత టాస్క్‌లోని మెట్లని పాడైన వెర్షన్ మీద యథాతథంగా చేసి చూడాలి. పాత మెట్లతో తప్పు రాకపోతే కారణం కొత్తదని దాదాపు తేలినట్టే. అక్కడ ఆగి "తప్పు రావట్లేదు" అని మూయకూడదు. వాడుకదారు చేసిన మెట్లు వేరే ఉన్నాయని ఆ ఫలితం చెబుతోంది, వాటిని అడిగి రాబట్టాలి.

ఇంకో రకం జవాబు కూడా రావచ్చు. కమిట్ `v3.2.1`లో మాత్రమే ఉండి, 3.3 నుంచి అసలు కనబడకపోవడం. హడావిడిగా హాట్‌ఫిక్స్ బ్రాంచ్‌లో సరిచేసి ఇచ్చి, మెయిన్‌లో కలపడం మరిచిపోయినప్పుడు ఇలా అవుతుంది. కారణం అదే, మందు అదే, కొత్త వెర్షన్‌కి పోయలేదంతే. దీని మీద మా టీములో చాలాసేపు వాదన జరిగింది. కొత్త కారణమేమీ లేదు, రీఓపెన్ చేద్దాం అన్నాడు మా కుర్రాడు. నేను కొత్త టాస్కే కావాలన్నాను. 3.2.1 తీసుకున్న దుకాణాలకి అది నిజంగా బాగైంది, మూడు వారాలు బాగా నడిచింది, 3.3 వేసుకున్నాక పోయింది. వాళ్లవైపు నుంచి చూస్తే అది తిరగబెట్టడమే. పైగా ఈసారి సరిచేయాల్సింది కోడ్ ఒక్కటే కాదు, హాట్‌ఫిక్స్‌ని మెయిన్‌లో కలిపే అలవాటు కూడా. ఆ మాట రాసుకోవడానికి చోటు పాత టాస్క్‌లో ఉండదు. గిట్‌హబ్‌లాంటి చోట వెర్షన్ గడి లేకుండా నడిపే ఇద్దరు ముగ్గురి టీము రీఓపెన్ చేసినా కొంప మునగదు. ఎందుకు తెరిచారో ఒక్క వాక్యం రాయాలి.

ఫిక్స్ వెళ్లింది గానీ సగమే పనిచేసింది, అంటే కొత్త ఫోన్లలో బాగై, పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మొదటినుంచీ బాగవలేదు అనుకుందాం. ఇది తిరగబెట్టడం కాదు. అయినా రిలీజ్ అయిపోయింది కాబట్టి మేం మిగిలిన సగానికి కొత్త టాస్క్ తెరుస్తాం, పాతదాని శీర్షికని "కొత్త ఫోన్లలో" అని దిద్దుతాం. ఎవరి దగ్గరా పనిచేయలేదని తేలితే మాత్రం రీఓపెన్ చేసి, ఫిక్స్ వెర్షన్ తీసేస్తాం. బాగుచేశామని చెప్పిన మాటే తప్పయినప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలి.

లింక్ రెండు వైపులా

కొత్త టాస్క్ తెరిచేవాళ్లలో చాలామంది పాతదానికి ఒక లింక్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు. నా అనుభవంలో అంతకంటే విలువైన లింక్ రెండోది: విరగ్గొట్టిన మార్పుకి పెట్టేది. `BILL-212` ఈ లక్షణాన్ని మనం ఇంతకుముందు ఎక్కడ చూశామో చెబుతుంది. `BILL-297` అది ఎందుకొచ్చిందో చెబుతుంది. పాతదాన్నే రీఓపెన్ చేస్తే ఈ రెండో ముడి ఎప్పటికీ పడదు. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా ఆ వేగం మార్పుని ఇంకో తెరకి తీసుకెళ్లాలనుకుంటే, `BILL-297` తెరవగానే "ఇది పన్ను లెక్కని విరగ్గొట్టింది" అని కనబడాలి.

జిరాలో మొదటిదానికి `relates to`, రెండోదానికి `is caused by` వాడతాం. మొజిల్లా వాళ్ల బగ్‌జిల్లాలో దీనికోసమే `Regressed by` అని విడిగా గడి ఉంది. ఈ సంగతి వాళ్లు ఎంత పట్టించుకుంటారో దాన్నిబట్టే తెలుస్తుంది. గిట్‌హబ్‌లో కొత్త ఇష్యూలో `#212` అని రాస్తే చాలు, పాతదాని కింద ఆ ప్రస్తావన దానంతటదే పడుతుంది. కొత్త ఫిక్స్ వివరణలో మాత్రం `Fixes` పక్కన కొత్త సంఖ్యే వేయాలి. అలవాటుగా పాతది వేస్తే కొత్త ఇష్యూ మూతపడకుండా ఉండిపోతుంది.

విరగ్గొట్టిన మార్పు ఏదో తెలియకపోతే గిట్ బైసెక్ట్ వెతికిపెడుతుంది. 3.4 బాగుంది, 3.5 పాడైంది, మధ్యలో నలభై చిల్లర కమిట్లున్నాయి. ప్రతిసారీ సగానికి కోస్తుంది కాబట్టి ఐదారు పరీక్షల్లో తేలిపోతుంది:

```
git bisect start v3.5.0 v3.4.0
git bisect run ../check_igst.sh
```

ముందు పాడైనది, తర్వాత బాగున్నది రాయాలి. స్క్రిప్ట్ బాగుంటే 0, పాడైతే 1, ఆ కమిట్ అసలు బిల్డ్ అవకపోతే 125 తిప్పి ఇవ్వాలి. స్క్రిప్ట్‌ని ప్రాజెక్టు ఫోల్డర్‌కి బయట పెట్టడానికి కారణం ఉంది. బైసెక్ట్ వెనక్కి ముందుకి వెళ్తూ ఫైళ్లని మారుస్తుంది, లోపల కమిట్ అయి ఉన్న స్క్రిప్ట్ కూడా దాంతో పాటు పాతదైపోవచ్చు, లేకుండానే పోవచ్చు. పని అయ్యాక `git bisect reset` కొట్టడం మరవొద్దు.

చివరికి మేం తెరిచిన టాస్క్ ఇలా ఉంది:

```
BILL-340
బిల్లు కాపీ చేసి పార్టీ మారిస్తే పన్ను రకం మారట్లేదు
పాడైన వెర్షన్: 3.5.0    చివరిగా బాగున్నది: 3.4.0
మెట్లు: 21 పార్టీ బిల్లు కాపీ > పార్టీని 37కి మార్చు > సేవ్
రావాల్సింది: ఐజీఎస్టీ 500
వస్తున్నది: సీజీఎస్టీ 250 + ఎస్జీఎస్టీ 250
relates to: BILL-212   is caused by: BILL-297
```

ఇందులో శీర్షిక చూడండి. "బయటి రాష్ట్రం బిల్లుకి తప్పు పన్ను మళ్లీ పడుతోంది" అని రాసి ఉంటే అది `BILL-212`కి నకలులాగే కనబడేది, ఎవరో ఒకరు డూప్లికేట్ అని మూసేసేవారు. కొత్త టాస్క్ శీర్షికలో పాతదానికీ దీనికీ ఉన్న తేడా కనబడాలి. "చివరిగా బాగున్నది" అన్న గడి కూడా వదలొద్దు. అది నింపలేకపోతే, ఇది ఎప్పుడైనా బాగుందా లేదా అన్నదే మీకు ఇంకా తెలియదన్నమాట. అప్పుడు రీఓపెన్, కొత్తది అన్న నిర్ణయం కాసేపు ఆపి ముందు పాత వెర్షన్ మీద చేసి చూడాలి.

కొత్త టాస్క్ దారిలో ఒక లోటుంది, దాన్ని చేత్తో పూడ్చుకోవాలి. పాత టాస్క్‌ని గమనిస్తున్నవాళ్లు కొత్తదానికి వాళ్లంతటవాళ్లు రారు. అందుకని `BILL-212` అడుగున, మూసి ఉండగానే, ఒక వ్యాఖ్య రాస్తాం: ఇదే లక్షణం 3.5.0లో వేరే కారణంతో వచ్చింది, ఇకమీదట `BILL-340` చూడండి అని. పాతదాంట్లో ఉన్నవాళ్లని కొత్తదాంట్లో చేరుస్తాం. ఫిబ్రవరిలో రాసిన పరీక్షని అలాగే ఉంచి, కాపీ బిల్లుకి ఇంకోటి చేరుస్తాం. పాతదాన్నే దిద్దితే ఫిబ్రవరి రోగానికి కాపలా ఉండదు.

జిరాలో రీఓపెన్ దారి పట్టినప్పుడు చూడాల్సింది వేరే ఉంది. స్టేటస్ మారినా `Resolution` గడి ఖాళీ అవకపోతే, టాస్క్ తెరిచే ఉన్నట్టు కనబడుతూనే లెక్కల్లో మాత్రం తీరిపోయినదిగా ఉంటుంది. టాస్క్ సంఖ్య మీద కొట్టివేత గీత అలాగే ఉంటుంది, పెండింగ్ జాబితాలో అది రాదు. మా దగ్గర రెండు టాస్కులు ఇలా వారాల తరబడి కనబడకుండా ఉండిపోయాయి. అలాంటివి పట్టుకోవడానికి:

```
status = Reopened AND resolution IS NOT EMPTY
```

స్టేటస్ పేరు మీ దగ్గర వేరే ఉంటే అది వేసుకోండి. జవాబులో ఏదైనా వస్తే వర్క్‌ఫ్లోలో రీఓపెన్ మెట్టు మీద ఆ గడిని చెరిపే పని చేర్పించాలి.

ఇక వ్యాపారి సంగతి. ఆయనకి మన సంఖ్యలతో పనిలేదు. కొత్త నంబరు ఇచ్చి పంపిస్తే "మళ్లీ మొదట్నుంచి సెప్పుకోవాలా?" అని మనసు కష్టపెట్టుకుంటాడు. అందుకని శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసినప్పుడు పాత కంప్లయింట్ పేరుతోనే మొదలుపెట్టాను. "ఫిబ్రవరిలో సరిచేసింది అలాగే ఉందండి బాబాయ్, అది చెడలేదు. ఏప్రిల్లో బిల్లు తొందరగా తెరవాలని ఒక మార్పు చేశాం, కాపీ బిల్లు దాంతో పాడైంది. అది మా తప్పు. రేపు పొద్దున్న 3.5.1 వస్తుంది, అప్పటిదాకా పాతపట్నం పార్టీలకి మాత్రం కొత్త బిల్లు తెరిచి వేయండి" అన్నాను. ఆయన కాసేపు ఆగి, నిన్న కాపీ కొట్టిన ఇంకో రెండు బిల్లుల నంబర్లు చదివి వినిపించాడు. వాటిని అప్పటికప్పుడే `BILL-340` కింద రాసుకున్నాను.